కిరాణా షాపులో స్టాకు పుస్తకం: అమ్మింది కాదు, ఉన్నది రాయండి

ప్రశ్న: కంచరపాలెంలో మాకు చిన్న కిరాణా షాపు ఉంది. మా మామగారు అంతా నోటి లెక్కతోనే నడిపేవారు. ఆయనకు ఒంట్లో బాగోక ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. కంప్యూటర్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. పుస్తకంలో రాద్దామని అమ్మిన ప్రతి వస్తువూ రాయడం మొదలుపెట్టాను, వారం తిరక్కుండానే ఆగిపోయింది. సాయంత్రం తలెత్తడానికి ఖాళీ ఉండదు. ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో తెలీదు. కందిపప్పు మాత్రం తెచ్చినంత అమ్మినట్టు డబ్బు కనపడటం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. రోజూ ఏం రాయాలి, ఎలా రాయాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, అమ్మిన ప్రతిదీ రాయడం ఈరోజే మానేయండి. మీకు ఓపిక లేక ఆగిపోయింది కాదది. సాయంత్రం ఆరింటికి కౌంటర్ ముందు నలుగురు నిలబడి, ఒకరు పావు కేజీ మినప్పప్పు, ఇంకొకరు రెండు షాంపూ ప్యాకెట్లు, మరొకరు ఇరవై రూపాయల పంచదార అడుగుతుంటే చేత్తో రాయడం ఎవరివల్లా కాదు. పూర్ణా మార్కెట్‌లో పప్పుల హోల్‌సేల్ షాపులో చాలాకాలం పద్దులు రాసినవాణ్ణి నేను. అక్కడ అమ్మకం బస్తాల్లో ఉంటుంది కాబట్టి ప్రతి అమ్మకమూ రాసేవాళ్ళం. చిల్లర షాపులో ఆ పద్ధతి పనికిరాదు.

మీ పుస్తకంలో ఉండాల్సినవి రెండే: ఏం వచ్చింది, ఇప్పుడు ఎంత ఉంది. ఎంత పోయిందన్నది తీసివేతలో దానంతటదే తేలుతుంది. పోయినసారి లెక్కపెట్టినప్పుడున్న నిల్వకి, మధ్యలో వచ్చిన సరుకు కలిపి, ఈరోజు నిల్వ తీసేస్తే మిగిలేదే పోయిన సరుకు. దీనికి ప్రతి కొనుగోలుదారు దగ్గరా పెన్ను పట్టుకోనక్కర్లేదు.

పుస్తకం గట్టి అట్ట ఉన్న పొడవాటి రూళ్ళ పుస్తకం తీసుకోండి. విడి కాగితాలు వద్దు, ఎగిరిపోతాయి. పేజీలకు నంబర్లు వేసి, మొదటి రెండు పేజీల్లో ఏ సరుకు ఏ పేజీలో ఉందో రాసుకోండి. ఒక్కో సరుకుకి ఒక్కో పేజీ. పేజీ పైన సరుకు పేరు, ఏ కొలతలో రాస్తున్నారో, ఎవరి దగ్గర తెస్తారో రాయండి. కింద ఆరు గడులు గీయండి: తేదీ, వివరం, వచ్చింది, పోయింది, తరుగు, నిల్వ. ఒక సరుకుని మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలతలో రాయాలి. కందిపప్పు అయితే కేజీల్లోనే, బస్తాల్లో కాదు. నూనె అయితే ప్యాకెట్లలోనే, పెట్టెల్లో కాదు. ఒకరోజు పెట్టె అని, ఇంకోరోజు ప్యాకెట్లు అని రాస్తే నెల తిరిగేసరికి ఆ పేజీ మీకే అర్థం కాదు. కందిపప్పులో రెండు రకాలు అమ్ముతుంటే రెండు పేజీలు పెట్టండి. ఒకే పేజీలో కలిపితే ఒక రకంలో తగ్గింది రెండో రకంలో దాక్కుంటుంది.

షాపులో ఉన్న ప్రతి వస్తువుకీ పేజీ అక్కర్లేదు. మీ డబ్బు ఎక్కువగా దేంట్లో ఉందో వాటికి చాలు: బియ్యం, పప్పులు, పంచదార, నూనెలు, గోధుమపిండి, రవ్వలు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం, టీ పొడి, సబ్బులు, ఇలా నలభై లోపు వస్తాయి. వేలాడే షాంపూ దండలు, చాక్లెట్లు, చిన్న బిస్కెట్ ప్యాకెట్లు పేజీల్లోకి ఎక్కించకండి. వాటి సేల్స్‌మన్ వారానికోసారి వస్తాడు, ఆరోజు అర చూస్తే ఏం కావాలో తెలిసిపోతుంది.

ఇక రోజువారీ పని. మీరు సాయంత్రం గురించి రాశారు గానీ, మధ్యాహ్నం గురించి రాయలేదు. రెండు నుంచి నాలుగు మధ్య ఎండకి ఎవరూ రారు కదా, పుస్తకం పని అప్పుడే. నలభై సరుకుల్ని సోమవారం నుంచి శనివారం దాకా పంచండి. సోమవారం పప్పులు, మంగళవారం బియ్యం, పిండి, రవ్వలు, బుధవారం నూనెలు, ఇలా అరల వరస ప్రకారం. రోజుకి ఆరేడు సరుకులు తూచి గానీ లెక్కపెట్టి గానీ నిల్వ గడిలో వేయడానికి ఇరవై నిమిషాలు చాలు. ఏ సరుకు వారంలో ఏ రోజు లెక్కపెడుతున్నారో ప్రతిసారీ ఆ రోజే, సుమారు అదే వేళకు లెక్కపెట్టాలి. ఒకసారి మధ్యాహ్నం, ఇంకోసారి రాత్రి చూస్తే ఒక సాయంత్రం అమ్మకం అటో ఇటో పడి, ఈ వారం ఎక్కువ పోయినట్టూ వచ్చే వారం తక్కువ పోయినట్టూ కనిపిస్తుంది. మీ మామగారు కూర్చోగలిగితే పెన్ను ఆయన చేతికివ్వండి. మీరు తూచి చెబుతుంటే ఆయన రాస్తారు. ఒకరే తూచి ఒకరే రాస్తే ఒక అంకె మరో అంకెగా పడటం మామూలే. పైగా, ఏ సరుకు ఎలా పోతుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, తేడా అంకె చూడగానే ఆయనే చెబుతారు.

సరుకు వచ్చినప్పుడు మాత్రం వేళ చూడకూడదు. కళాసీ బస్తా దించి వెళ్ళేలోపే బిల్లుతో సరిచూసి పుస్తకంలో వేసేయాలి. రాత్రి రాద్దాంలే అనుకున్న బస్తాలే పుస్తకంలోకి రాకుండా పోతాయి. రద్దీలో వస్తే కనీసం బిల్లుని పుస్తకంలో ఆ పేజీ దగ్గర పెట్టండి, మర్నాడు పొద్దున్న షాపు తెరవగానే ముందు అది ఎక్కించండి.

ఇప్పుడు మీ కందిపప్పు సంగతి. తెచ్చినంత అమ్మినట్టు డబ్బు కనపడటం లేదన్నారు. తీసివేత లెక్కతో ఒక చిక్కుంది. అది ఎంత పోయిందో చెబుతుంది గానీ, అమ్ముడై పోయిందా, ఊరికే పోయిందా అన్నది చెప్పదు. అందుకని అనుమానం ఉన్న ఒక్క సరుకుకి మాత్రం, తేడా ఎక్కడుందో తేలేదాకా, అమ్మకం కూడా గుర్తు పెట్టాలి. ఒక అట్టముక్క కాటా పక్కన వేలాడదీసి, దారంతో పెన్ను కట్టండి. పావుకి ఒక వరస, అరకి ఒక వరస, కేజీకి ఒక వరస. ఇచ్చిన ప్రతిసారీ ఒక నిలువు గీత, ఐదోది అడ్డంగా. రూపాయల లెక్కన అడిగేవాళ్ళకి నాలుగో వరసలో రూపాయలు రాయండి. పేరు, ధర ఏమీ వద్దు. ఒక్క గీత గీయడం రద్దీలో కూడా కుదురుతుంది, ఒక్క సరుకే కాబట్టి.

ఒక వారం లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను అనుకున్నవి, మీ దగ్గర వేరుగా ఉంటాయి.

3, సోమవారం: లెక్కపెట్టగా నిల్వ 18.0
5, బుధవారం: ఒక బస్తా, వచ్చింది 50.0, నిల్వ ఇంకా చూడలేదు
6, గురువారం: బస్తా విప్పి తూస్తే 49.6, తరుగు 0.4
10, సోమవారం: లెక్కపెట్టగా నిల్వ 31.2, పోయింది 36.4

గురువారం ఏం చేశారో చూడండి. బస్తా మీద 50 అని ఉన్నా, విప్పి డబ్బాలోకి పోసేటప్పుడు కౌంటర్ కాటా మీదే పది పది కేజీలుగా తూచి పోశారు. పెద్ద కాటా లేని షాపులో బస్తా బరువు తెలుసుకునే దారి ఇదొక్కటే. గోతం బరువు ఇందులో రాదు కాబట్టి వచ్చిన అంకె నికరం. 400 గ్రాములు తక్కువ వచ్చింది కాబట్టి తరుగు గడిలో వేసి, గోతానికున్న చీటీ దాచి, ఆరోజే హోల్‌సేల్ షాపుకి ఫోన్ చేయాలి. నెల పోయాక చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఒకే షాపు నుంచి వచ్చిన బస్తాలు వరసగా తక్కువొస్తుంటే తరుగు గడి చూపించి మాట్లాడండి, లేదంటే షాపు మార్చండి.

పోయిన సరుకు 18.0కి 49.6 కలిపి 31.2 తీసేస్తే 36.4 కేజీలు. అట్టముక్క మీద గీతలు ఇలా ఉన్నాయనుకుందాం: పావులు 34, అంటే 8.5 కేజీలు. అరలు 25, అంటే 12.5. కేజీలు 11. ఇరవై రూపాయల పప్పు అడిగినవాళ్ళు 18 మంది, 360 రూపాయలు. ధర కేజీ 120 అనుకుంటే మూడు కేజీలు. మొత్తం 35.0. పోయింది 36.4 అయితే అమ్మింది 35.0. తేడా కేజీ నాలుగు వందల గ్రాములు.

ఈ తేడా చూసి వెంటనే ఎవరినీ అనుమానించకండి. ముందు చెయ్యి చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు మీ అలవాటు ప్రకారమే పది అర కేజీ పొట్లాలు కట్టండి. పది ఖాళీ కవర్ల బరువు విడిగా తూచి పెట్టుకోండి. తర్వాత పది పొట్లాలూ ఒకేసారి కాటా మీద పెట్టండి. కవర్ల బరువు పోగా ఐదు కేజీలు రావాలి. ఐదు కేజీల ఎనభై గ్రాములు వస్తే పొట్లానికి ఎనిమిది గ్రాముల చొప్పున ఎక్కువ పోతోందన్నమాట. ఆ వారం 88 సార్లు తూచారు, సుమారు 700 గ్రాములు అక్కడే తేలింది. ఇంట్లో పప్పు వండటానికి ఒక అర కేజీ తీసుకుని ఉంటారు, అది ఎక్కడా గీత పడలేదు. 700, 500 పోతే మిగిలింది 200 గ్రాములు. దుమ్ము, నూక, కింద ఒలికింది, ఇవన్నీ కలిపి 36 కేజీల మీద అంత పోవడం మామూలే.

చేతి తరుగు తగ్గించడం సులువు. ఎక్కువ పోసి తీసే అలవాటు ఉంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉండిపోతుంది. తక్కువ పోసి, గరిటెతో కొద్దికొద్దిగా కలుపుతూ 500 దగ్గర ఆపండి. కొనేవాళ్ళకి తక్కువ ఇవ్వమని నేను చెప్పడం లేదు, ఒక్క గ్రాము కూడా తగ్గకూడదు. కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. నెత్తి మీద ఫ్యాన్ గాలి తగిలినా అంకె కదులుతుంది, కాటా చోటు మార్చి చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి, ఆ తేదీ పుస్తకం లోపలి అట్ట మీద రాసుకోండి.

ఇంటికి తీసుకున్నది తప్పు కాదు, రాయకపోవడమే ఇబ్బంది. గల్లాపెట్టె దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి, ఇంటికి తీసుకున్నది, చుట్టాలకిచ్చింది, పురుగు పట్టి పారేసింది అందులో వేయండి. లెక్కపెట్టే రోజు ఆ పేజీలోకి ఎక్కించండి. అరువు మాత్రం స్టాకు పుస్తకంలోకి రానక్కర్లేదు. డబ్బు వచ్చినా రాకపోయినా సరుకు బయటికెళ్ళినట్టే, దాని పద్దు ఖాతా పుస్తకంలో ఉంటుంది.

రెండు మూడు వారాలు పోయాక తేడా తీరు చూస్తే కారణం ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. ప్రతి వారం అమ్మకానికి తగ్గట్టు కొంచెం కొంచెం తగ్గుతుంటే అది చెయ్యి లేదా కాటా. నాలుగు వారాలు బాగుండి ఒక వారం ఒక్కసారిగా పెద్ద తేడా వస్తే ముందు రాతలో పొరపాటు వెతకండి, తిరిగి పంపిన బస్తా రాయకపోయి ఉండచ్చు. ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంటే సరుకు వచ్చింది గానీ పుస్తకంలో ఎక్కలేదన్నమాట. బస్తా కింద పొట్టు, నలిగిన గింజలు కనిపిస్తే ఎలుకలు. నూనె ప్యాకెట్ల వంటి సీలు వేసిన సరుకులో చేతి తరుగు ఉండదు. కారిపోయిన ప్యాకెట్ అయితే పెట్టె అడుగున జిడ్డు కనిపిస్తుంది. జిడ్డూ లేదు, నోటు పుస్తకంలో రాతా లేదు, అయినా ప్రతి వారం రెండు ప్యాకెట్లు తక్కువ, అలాంటప్పుడే మనుషుల సంగతి చూడాలి.

కొన్ని సరుకుల్ని పప్పులా పట్టించుకోకండి. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో విప్పి ఉంచిన ఉప్పు, పంచదార తేమ లాక్కుంటాయి. అనకాపల్లి బెల్లం దిమ్మలు చెమర్చి కారతాయి. చింతపండు వేసవిలో ఆరి తేలికవుతుంది. వీటిలో చిన్న తేడాలకు కంగారు పడొద్దు. దిమ్మల సంఖ్య, బరువు రెండూ రాసుకుంటే సరిపోతుంది. ఉల్లి, బంగాళాదుంప కుళ్ళినవి పారేసిన రోజే తూచి నోటు పుస్తకంలో వేయండి.

పుస్తకంలో ఉన్న అంకెకీ కాటా చూపించిన అంకెకీ తేడా వస్తే పాత అంకె దిద్దకండి. కాటా అంకెనే కొత్త నిల్వగా వేసి, తేడాని తరుగు గడిలో రాసి ముందుకెళ్ళండి. రాతలో పొరపాటు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి, కింద అంకె కనపడాలి. దిద్దిన పేజీ చూసి మూడు నెలల తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేరు.

సరుకు అయిపోవడం సంగతి కూడా ఇదే పేజీలో తేలుతుంది. కందిపప్పు వారానికి 36 కేజీలు పోతోందంటే రోజుకి ఐదు కేజీలు. ఫోన్ చేశాక బస్తా రావడానికి రెండు రోజులు పడుతుందనుకోండి, ఆలస్యం అయినా ఇబ్బంది లేకుండా ఇంకో మూడు రోజులు. ఐదు రోజులకి 25 కేజీలు. ఆ అంకె పేజీ పైన పెన్సిల్‌తో రాయండి. కానీ మీరు పప్పు చూసేది వారానికోసారే, మధ్యలో 25 దాటి కిందకెళ్తే పుస్తకం చెప్పదు. అందుకే డబ్బాలో సరిగ్గా 25 కేజీలు పోసి, పప్పు ఎంతవరకు వచ్చిందో అక్కడ లోపల రంగుతో గీత పెట్టండి. గీత కనపడ్డ రోజే ఆర్డర్ చీటీలో పేరు ఎక్కాలి. మూసి ఉన్న బస్తా ఇంకొకటి ఉంటే అవసరం లేదు. డబ్బా పట్టని బియ్యానికైతే ఆఖరి మూట విప్పిన వేళే చీటీలో రాయండి.

పెన్సిల్ అని ఎందుకన్నానంటే ఆ అంకె మారుతుంది. సంక్రాంతి ముందు బెల్లం, నువ్వులు, బియ్యప్పిండి మామూలు అంకెకి అందవు. ఈ ఏడాది ఎంత పోయిందో మీ పేజీలో ఉంటే వచ్చే ఏడాది ఊహించనక్కర్లేదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను హెచ్చరిక వస్తే కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిస్కెట్లు, బియ్యం ముందే తెప్పించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్ళో కరెంటు, రవాణా ఎలా స్తంభించాయో మీ మామగారికి గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పై అరలో పెట్టండి.

ప్యాకెట్ సరుకు వచ్చినప్పుడు వివరం గడిలో ఎక్స్‌పైరీ నెల కూడా వేయండి. కొత్తది వెనక, పాతది ముందు. నెల మొదట్లో పేజీలు తిరగేస్తే రాబోయే రెండు నెలల్లో గడువు తీరేవి కనిపిస్తాయి, సేల్స్‌మన్‌తో అప్పుడే మాట్లాడచ్చు. అతను తిరిగి తీసుకెళ్ళినవి పోయింది గడిలో వేసి, డబ్బు తగ్గించిన బిల్లు వచ్చేదాకా పక్కన చుక్క పెట్టి ఉంచండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ సోమవారం పప్పులు మాత్రమే తూచి మొదటి నిల్వ వేయండి, కందిపప్పుకి అట్టముక్క కట్టండి. వచ్చే సోమవారం మళ్ళీ తూచి తీసివేత చేయండి. అది చేతికొచ్చాక నూనెలు, బియ్యం చేర్చండి, ఆ తర్వాత వారానికి ఒక అర చొప్పున మిగతావి. కందిపప్పు తేడా ఎక్కడుందో తేలగానే ఆ అట్టముక్క తీసి, తర్వాత మీకు అనుమానం ఉన్న సరుకు దగ్గర కట్టండి.